రిజర్వు అంటే గల్లాపెట్టె కాదు

2025 నవంబర్‌లో మా వీధి మాస్టారు ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చారు. ఆయన దగ్గర ఇన్ఫోసిస్ షేర్లు 55 ఉన్నాయి, ఎప్పుడో రిటైర్మెంటు డబ్బుతో కొన్నవి. వాటిలో కొన్నిటిని కంపెనీయే ఒక్కోటి 1,800 రూపాయలకు వెనక్కి కొంటానంటోందని ఈమెయిలు వచ్చిందట. అప్పటికి మార్కెట్లో ఆ షేరు ధర అంతకన్నా బాగా తక్కువ. "ఏమయ్యా, వాళ్ల షేర్లు వాళ్లే కొనుక్కోవడమేమిటి? అయినా 18 వేల కోట్లు ఎక్కడినుంచి తెస్తారు?" అని అడిగారు. "రిజర్వుల నుంచి" అన్నాను. "అయితే అంత డబ్బు రిజర్వులో పెట్టుకుని కూర్చున్నారన్నమాట" అన్నారాయన.

ఆడిటర్‌గా ఇన్నేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న పొరపాటు అదే. మాస్టారికే కాదు, సొంత కంపెనీలు నడిపే వాళ్లకూ ఉంది. రిజర్వు అంటే ఎక్కడో దాచిపెట్టిన డబ్బు అనుకుంటారు. బ్యాలెన్స్ షీటులో రిజర్వు ఉండేది అప్పుల వైపు, ఆస్తుల వైపు కాదు. ఇన్నేళ్ల లాభంలో వాటాదారులకు పంచకుండా ఎంత మిగిలిందో చెప్పే లెక్క అది. ఆ మిగిలినది ఈపాటికి యంత్రాలుగా, భవనాలుగా, రావాల్సిన బాకీలుగా మారిపోయి ఉండొచ్చు. కొంత బ్యాంకులో నగదుగానూ ఉండొచ్చు. అందుకే బైబ్యాక్‌లో రెండు ప్రశ్నలు వేర్వేరుగా వేసుకోవాలి. కొనడానికి చట్టం ఒప్పుకునే ఖాతా ఏది? చెల్లించడానికి నగదు ఎక్కడుంది? మొదటిదానికి జవాబు రిజర్వు, రెండోదానికి బ్యాంకు పాస్‌బుక్కు.

మొదటి ప్రశ్నకు కంపెనీల చట్టం 2013లోని 68వ సెక్షన్ మూడే దారులు చూపిస్తుంది. ఫ్రీ రిజర్వులు ఒకటి, సెక్యూరిటీస్ ప్రీమియం ఖాతా రెండోది, వేరే రకం షేర్లో సెక్యూరిటీలో జారీ చేయగా వచ్చిన సొమ్ము మూడోది. మూడోదానికి ఓ మెలిక ఉంది. ప్రిఫరెన్స్ షేర్లు అమ్మిన డబ్బుతో ఈక్విటీ షేర్లు వెనక్కి కొనొచ్చు. ఈక్విటీ అమ్మిన డబ్బుతో ఈక్విటీనే కొనకూడదు. కుడిచేత్తో అమ్మి ఎడంచేత్తో కొంటే ధరను ఎటు కావాలంటే అటు ఆడించొచ్చు కదా.

మన దేశంలో 1998 దాకా ఇదేదీ కుదిరేది కాదు. కంపెనీ తన షేర్లు తాను కొంటే అప్పులిచ్చిన వాళ్లకు భరోసాగా ఉన్న మూలధనం గుట్టుగా వాటాదారుల చేతికి జారిపోతుందన్నది పాత భయం. 1887లో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక కేసులో ఈ సూత్రాన్ని ఖాయం చేసింది, మనమూ దాన్నే పట్టుకున్నాం. 1998 అక్టోబర్ చివర్లో ఆర్డినెన్సు తెచ్చి తలుపు తీశారు కానీ బార్లా తీయలేదు. ఇప్పటి చట్టంలో ఉన్న ప్రతి షరతు వెనకా ఆ పాత భయమే ఉంది.

ఆ షరతులు ఎలా పనిచేస్తాయో ఇన్ఫోసిస్ అంత పెద్ద లెక్కలో కనిపించదు. చిన్న కంపెనీని తీసుకుంటే కళ్లకు కట్టినట్టు ఉంటుంది. గుంటూరు పక్కన మిర్చికి కోల్డ్ స్టోరేజీ నడిపే ఓ కుటుంబ కంపెనీ అనుకోండి. పేరు వద్దు, అంకెలను కూడా లెక్కకు వీలుగా గుండ్రం చేస్తున్నాను. షేర్లు 10 లక్షలు, ఒక్కోదాని ముఖ విలువ 10 రూపాయలు, అంటే వాటాధనం కోటి. పెద్దాయనకు 4 లక్షల 20 వేల షేర్లు, హైదరాబాద్‌లో స్థిరపడ్డ రెండో ఆయనకు 2 లక్షలు, మూడో తమ్ముడికి 2 లక్షల 30 వేలు, చెల్లెలికి లక్షన్నర. రెండో ఆయన ఇల్లు కట్టుకుంటున్నారు. "నా వాటా తీసేసుకోండి అన్నయ్యా" అన్నారు. విడిగా కొనడానికి పెద్దాయన దగ్గర అంత డబ్బు లేదు. కంపెనీయే కొంటే పోతుందన్నారు.

కంపెనీ పుస్తకాల్లో వాటాధనం కోటి కాక సెక్యూరిటీస్ ప్రీమియం 60 లక్షలు, జనరల్ రిజర్వు కోటీ 40 లక్షలు, లాభనష్టాల ఖాతాలో మిగులు కోటి ఉన్నాయి. కొన్నేళ్ల క్రితం స్థలం ధర పెరిగిందని విలువ తిరగ రాయించారు, ఆ పెరుగుదల 2 కోట్లు రీవాల్యుయేషన్ రిజర్వుగా కూర్చుంది. అన్నీ కలిపితే వాటాదారుల ఈక్విటీ 6 కోట్లు. బ్యాంకుకు బాకీ 5 కోట్ల 40 లక్షలు.

రెండో ఆయన కాగితం మీద లెక్కేసుకునే వచ్చారు. చట్టం ప్రకారం 25 శాతం దాకా కొనొచ్చు, 6 కోట్లలో పాతిక శాతం కోటిన్నర, తన 2 లక్షల షేర్లు 60 రూపాయల చొప్పున కోటీ 20 లక్షలే కదా అని. ఆ 60 కూడా ఊరికే వచ్చింది కాదు. 6 కోట్లను 10 లక్షల షేర్లతో భాగిస్తే వచ్చే పుస్తక విలువ అది.

ఆ లెక్క మొదటి మెట్టు మీదే ఆగిపోయింది. పాతిక శాతం తీయాల్సింది మొత్తం ఈక్విటీ మీద కాదు, చెల్లించిన వాటాధనం, ఫ్రీ రిజర్వులు కలిపిన మొత్తం మీద. ఫ్రీ రిజర్వు అంటే డివిడెండుగా పంచదగ్గ నిజమైన మిగులు. స్థలం ధర పెరిగిందని కాగితం మీద రాసుకున్న లాభం అందులోకి రాదు, ఆ స్థలం అమ్మితే తప్ప. ఈ సెక్షన్ కోసం సెక్యూరిటీస్ ప్రీమియాన్ని మాత్రం ఫ్రీ రిజర్వుల్లో కలుపుకోవచ్చు. కాబట్టి 2 కోట్ల రీవాల్యుయేషన్ తీసేస్తే మిగిలేది 4 కోట్లు, అందులో పాతిక శాతం ఒక్క కోటి. ఆ కోటిలో ఆయన షేర్లన్నీ పోవాలంటే 50 రూపాయల ధరకు ఒప్పుకోవాలి. 60 కావాలంటే లక్షా 66 వేల షేర్లు ఇప్పుడిచ్చి మిగతావాటికి ఆగాలి, ఒక బైబ్యాక్ ముగిశాక ఏడాది గడవందే ఇంకోటి మొదలుపెట్టకూడదు. ఇలాంటి కంపెనీలో మైనారిటీ వాటాకు బయట కొనేవాడు దొరకడు. ఇంటిపని ఆగదు. 50కి ఒప్పుకున్నారు. షేర్ల సంఖ్యకూ విడిగా ఓ పరిమితి ఉంది, ఏడాదిలో ఈక్విటీ వాటాధనంలో నాలుగో వంతు మించకూడదు. 2 లక్షల షేర్లు అంటే ఐదో వంతే కాబట్టి అక్కడ చిక్కు రాలేదు.

ఇప్పుడు రెండో ప్రశ్న, నగదు. కరెంటు ఖాతాలో, ఫిక్స్‌డ్ డిపాజిట్లలో కలిపి 75 లక్షలే ఉన్నాయి. ఇంకో 25 లక్షలు బ్యాంకు క్యాష్ క్రెడిట్ నుంచి తీద్దామన్నారు పెద్దాయన. లిస్టెడ్ కంపెనీకైతే బ్యాంకుల దగ్గర అప్పు చేసి బైబ్యాక్ చేయకూడదని సెబీ నిబంధన సూటిగా చెబుతుంది. ఇలాంటి ప్రైవేటు కంపెనీకీ నిబంధనల్లో అదే నిషేధం ఉంది, పైగా వ్యాపారం కోసం ఇచ్చిన డబ్బును వాటాదారుడికి మళ్లించారని బ్యాంకు ఊరుకోదు. ఒకవేళ బ్యాంకు ఊరుకున్నా ఆ 25 లక్షలు వేరేచోట తగులుకుంటాయి. అదెలాగో తెలియాలంటే ముందు ఈక్విటీ ఎలా మారుతుందో చూడాలి.

కోటి చెల్లించి 2 లక్షల షేర్లు కొన్నారు. వాటి ముఖ విలువ 20 లక్షలు వాటాధనంలోంచి పోతుంది, కోటి కాస్తా 80 లక్షలవుతుంది. మిగతా 80 లక్షలు ముఖ విలువ కన్నా ఎక్కువిచ్చిన మొత్తం. దానికి ముందు సెక్యూరిటీస్ ప్రీమియంలో ఉన్న 60 లక్షలూ వాడేశాం, తక్కువ పడిన 20 లక్షలు జనరల్ రిజర్వు నుంచి తీశాం. మామూలు బుద్ధికి లెక్క ఇక్కడితో అయిపోయినట్టే. కానీ 69వ సెక్షన్ ఇంకో పని చేయమంటుంది. ఫ్రీ రిజర్వుల నుంచో ప్రీమియం నుంచో కొన్నప్పుడు, రద్దయిన షేర్ల ముఖ విలువకు సమానమైన మొత్తాన్ని క్యాపిటల్ రిడెంప్షన్ రిజర్వు అనే ఖాతాలోకి మార్చాలి. ఇక్కడ 20 లక్షలు. అదీ జనరల్ రిజర్వు నుంచే పోయింది.

ఇందులో రూపాయి నగదు కూడా కదలదు. అయినా చట్టం ఎందుకు పట్టుబడుతుందంటే, వాటాధనంలో తగ్గిన 20 లక్షల చోటు ఖాళీగా ఉండకూడదని. నిన్నటిదాకా జనరల్ రిజర్వులో ఉన్న ఆ 20 లక్షలను డివిడెండుగా పంచుకోవచ్చు. ఈ కొత్త ఖాతాలోకి వెళ్లాక పంచడానికి వీల్లేదు, బోనస్ షేర్లు ఇవ్వడానికి మాత్రం వాడుకోవచ్చు. బోనస్ ఇస్తే అది మళ్లీ వాటాధనమే అవుతుంది. అంటే షేర్లు పోయినా, వాటి ముఖ విలువంత సొమ్ము అప్పులిచ్చిన వాళ్ల భరోసా కోసం లోపలే తాళం పడి ఉంటుంది. ప్రిఫరెన్స్ షేర్లు జారీ చేసి ఆ డబ్బుతో కొంటే, ఆ మేరకు ఈ మార్పిడి అక్కర్లేదు. పోయిన వాటాధనం స్థానంలో కొత్త వాటాధనం అప్పటికే వచ్చి కూర్చుంది కాబట్టి.

చివరికి తేలింది ఇదీ. వాటాధనం 80 లక్షలు, క్యాపిటల్ రిడెంప్షన్ రిజర్వు 20 లక్షలు, ప్రీమియం ఖాతా సున్నా, జనరల్ రిజర్వు కోటి, మిగులు కోటి, రీవాల్యుయేషన్ అలాగే 2 కోట్లు. మొత్తం 5 కోట్లు. ఈక్విటీ సరిగ్గా చెల్లించిన కోటి మేరకే తగ్గింది. లాభనష్టాల ఖాతాలో మాత్రం లాభమూ రాయలేదు, నష్టమూ రాయలేదు. కంపెనీ తన యజమానులతో చేసుకున్న బేరం వ్యాపారం కిందికి రాదు.

ఇప్పుడు ఆ 25 లక్షల సంగతి. బైబ్యాక్ అయ్యాక కంపెనీ అప్పులు, వాటాధనం ఫ్రీ రిజర్వుల మొత్తానికి రెట్టింపు మించకూడదు. మొదటి చిత్తులో మా కుర్రాడు వాటాధనం 80, రిడెంప్షన్ రిజర్వు 20, జనరల్ రిజర్వు 100, మిగులు 100 కలిపి 3 కోట్లు వేశాడు. రెట్టింపు 6 కోట్లు. బాకీ 5 కోట్ల 40 లక్షలు, కొత్తగా 25 లక్షలు తీసుకున్నా 5 కోట్ల 65 లక్షలే, హాయిగా సరిపోతుందన్నాడు. కానీ రిడెంప్షన్ రిజర్వు ఫ్రీ రిజర్వు కాదు, తాళం వేసిన సొమ్ము. దాన్ని తీసేస్తే 2 కోట్ల 80 లక్షలు, రెట్టింపు 5 కోట్ల 60 లక్షలు. పాత బాకీతో గీతకు ఇవతలే ఉన్నాం, కొత్త అప్పు చేస్తే 5 లక్షలు అవతల పడతాం. బైబ్యాక్ ఫైళ్లలో తప్పు దొరికే చోటు ఎక్కువగా ఇదే. బైబ్యాక్‌కు ముందున్న రిజర్వులతో లెక్క చూసి సరే అనేస్తారు, లేదా ఈ 20 లక్షలను మరిచిపోతారు.

అప్పు మాట వదిలేసి, గోదాము అద్దెలు వసూలయ్యేదాకా ఆగి, నగదు కూడాకే తీర్మానం పెట్టుకోవడం తప్ప ఇలాంటప్పుడు దారి లేదు. వాటాధనం, ఫ్రీ రిజర్వుల్లో 10 శాతం లోపైతే బోర్డు తీర్మానం చాలు. ఇక్కడది 25 శాతం కాబట్టి వాటాదారుల ప్రత్యేక తీర్మానం, అంటే నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలి. ఏడాదిలోగా కంపెనీ దివాలా తీయదని కనీసం ఇద్దరు డైరెక్టర్లు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి, మేనేజింగ్ డైరెక్టరుంటే అందులో ఆయనొకరు. ఆ సంతకం లాంఛనం కాదు. డిపాజిట్లో, టర్మ్ లోనో కట్టకుండా ఎగ్గొట్టి ఉన్న కంపెనీ అసలు బైబ్యాక్ జోలికే పోకూడదు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. తమ్ముడొక్కడి షేర్లే కొంటాం అని కంపెనీ ప్రకటించడానికి లేదు. ఆఫర్ వాటాదారులందరికీ వాళ్ల వాళ్ల వాటా ప్రకారం వెళ్లాలి, మిగతావాళ్లు మేం అమ్మం అని మానుకోవాలి. ఆ లేఖల మీద సంతకాలు పెట్టే రోజున మూడో తమ్ముడు కాసేపు కలం పట్టుకుని ఆగిపోయాడు. ఎందుకో చూడండి. ఇప్పటిదాకా పెద్దాయన వాటా 42 శాతం. రద్దయ్యాక మిగిలేవి 8 లక్షల షేర్లు, అందులో ఆయనవి అవే 4 లక్షల 20 వేలు, అంటే 52.5 శాతం. జేబులోంచి రూపాయి తీయకుండా సగం దాటేశారు. ఇదివరకు ముగ్గురూ ఒక్కటైతే అన్నను ఆపగలిగేవారు, ఇకపై మిగిలిన ఇద్దరూ కలిసినా మామూలు తీర్మానాన్ని ఆపలేరు. చివరికి సంతకం పెట్టాడు కానీ, అప్పటిదాకా ఎవరూ ఆ సంగతి పైకి అనలేదు.

డబ్బు చెల్లించాక ఏడు రోజుల్లో ఆ షేర్లను రద్దు చేయాలి, కాగితం సర్టిఫికెట్లయితే ధ్వంసం చేయాలి. అమెరికాలో చాలా కంపెనీలు కొన్న షేర్లను ట్రెజరీ స్టాక్ పేరుతో దాచుకుని తర్వాత మళ్లీ వాడుకుంటాయి, మనకది లేదు. అక్కడ మన పాతిక శాతం లాంటి గీత కూడా లేదు. మెక్‌డొనాల్డ్స్ బ్యాలెన్స్ షీటులో వాటాదారుల ఈక్విటీ సున్నాకు కిందికి దిగి ఉందంటే ఏళ్ల తరబడి అప్పులు చేస్తూ షేర్లు కొనుక్కుంటూ పోవడమే ముఖ్య కారణం. రోజూ డబ్బు రాలే వ్యాపారం కాబట్టి దానికి నడుస్తోంది. మన చట్టం ప్రకారమైతే ఎంత మంచి వ్యాపారమైనా బైబ్యాక్ చేసి ఆ స్థితికి చేరలేదు.

మిగిలిన వాటాదారులకు లాభమా అంటే, అది కొన్న ధర మీద ఉంటుంది. మన కోల్డ్ స్టోరేజీలో పుస్తక విలువ 60 ఉండగా 50కి కొన్నారు, అందుకని 5 కోట్లను 8 లక్షలతో భాగిస్తే 62 రూపాయల 50 పైసలైంది. అదే 80కి కొనుంటే కోటికి లక్షా 25 వేల షేర్లే వచ్చేవి, పుస్తక విలువ 57కి దిగేది. అమ్మినవాడు బాగుపడి ఉన్నవాళ్లు నష్టపోయేవాళ్లు. షేరుకు వచ్చే ఆదాయం మాత్రం పెరిగినట్టు కనిపిస్తుంది. ఏడాది లాభం 80 లక్షలనుకుంటే ఇదివరకు షేరుకు 8 రూపాయలు. ఖర్చయిన కోటి మీద వడ్డీ పోయి లాభం 75 లక్షలకు తగ్గినా, 8 లక్షల షేర్లకు పంచితే 9 రూపాయల 37 పైసలు. వ్యాపారం ఒక్క బస్తా కూడా పెరగలేదు, లాభం తగ్గింది, అయినా ఆ అంకె పెరిగింది. షేరుకు ఆదాయం పెరిగిందని ఏ కంపెనీ అయినా చెబితే, పక్కనే మొత్తం లాభం గడిని కూడా చూడమనేది ఇందుకే.

ఇక మాస్టారి ఇన్ఫోసిస్‌కు వద్దాం. 10 కోట్ల షేర్లు, ఒక్కోటి 1,800, మొత్తం 18,000 కోట్లు. అంత పెద్ద కంపెనీకి ఇంతేనా అనిపించవచ్చు, ఎందుకంటే అది మొత్తం షేర్లలో 2.41 శాతమే. కానీ వాటాధనం, ఫ్రీ రిజర్వుల మొత్తంతో పోలిస్తే ఆ 18,000 కోట్లు 24 శాతం దాటాయి, పాతిక శాతం గీతకు ఆనుకుని ఉన్నాయి. షేరు ముఖ విలువ 5 రూపాయలు కాబట్టి వాటాధనంలో తగ్గేది 50 కోట్లే. మిగతా 17,950 కోట్లు రిజర్వుల్లోంచి పోవాలి. ఆపైన ఇంకో 50 కోట్లు క్యాపిటల్ రిడెంప్షన్ రిజర్వులో తాళం పడాలి. కోల్డ్ స్టోరేజీలో వేసిన పద్దులే ఇవి, సున్నాలు ఎక్కువ అంతే. నారాయణమూర్తి, నందన్ నీలేకని తదితర ప్రమోటర్లు అందులో తమ షేర్లు అమ్మలేదు, దాంతో వాళ్ల శాతం కాస్త పెరిగింది.

రికార్డు తేదీన 2 లక్షల రూపాయల లోపు విలువైన షేర్లున్నవాళ్లను చిన్న వాటాదారులంటారు, వాళ్లకు 15 శాతం కోటా ఉంటుంది. ఆ లెక్కన ఇన్ఫోసిస్‌లో చిన్నవాళ్లకు ప్రతి 11 షేర్లకు 2 చొప్పున హక్కు తేలింది. మాస్టారి 55కు పది. "పదేనా?" అన్నారు నీరసంగా. పదీ ఇచ్చేశారు.

పది 1,800లు 18,000. కొన్నాళ్లకు ఆయన పాస్‌బుక్కు పట్టుకుని మళ్లీ వచ్చారు, 16,200 పడ్డాయి, 1,800 ఎవరో కొట్టేశారని. కొట్టేయలేదు, పన్ను కోశారు. 2024 అక్టోబర్ 1కి ముందు బైబ్యాక్ పన్ను కంపెనీ కట్టేది, వాటాదారుడి చేతికి పూర్తి సొమ్ము వచ్చేది. మాస్టారు అమ్మేనాటికి నిబంధన మారి ఉంది. వచ్చిన మొత్తమంతా డివిడెండు కింద లెక్క, అందుకే 10 శాతం టీడీఎస్. ఆ పది షేర్లు ఆయన ఎంత పెట్టి కొన్నారో ఆ మొత్తాన్ని మాత్రం మూలధన నష్టంగా రిటర్నులో చూపించుకుని, వేరే షేర్ల లాభంలో సర్దుకోవచ్చు. ఈ పన్ను నిబంధనలు మారుతూనే ఉన్నాయి కాబట్టి అమ్మే ముందు ఆ ఏటి నిబంధన చూసుకోవాలి.

"అమ్మి సొమ్ము చేసుకున్నాక దాన్ని నష్టం అని రాయాలా?" అన్నారాయన. రాయాలన్నాను. ఆ పది షేర్లు ఎంతకు కొన్నారో కాగితం ఉందా అని అడిగితే, పాత ట్రంకు పెట్టెలో వెతకాలన్నారు.